అది ఇంటి బెంగ కాదు, డిప్రెషన్ అని ఎలా తెలిసిందంటే

ఎంఎస్ కోసం ఆగస్టులో ఒహాయో వచ్చాను. మొదట్లో బెంగ బాగానే ఉండేది. అమ్మతో వీడియో కాల్ పెట్టేశాక గొంతు పూడుకుపోయేది. రూమ్మేట్స్‌తో కలిసి చికెన్ కూర వండుకుని తినేసరికి సర్దుకునేది. వినాయక చవితికి ఇండియన్ స్టూడెంట్స్ పెట్టిన పూజలో ఉండ్రాళ్ళు తింటూ ఏడ్చేశాను, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇల్లు గుర్తొస్తే పొంగడం, మనుషుల్లో పడితే దిగడం, ఇంటి బెంగ తీరే అది.

నవంబర్‌లో గడియారాలు గంట వెనక్కి జరిపారు. సాయంత్రం ఐదు దాటితే చీకటి. నా తీరు మారింది ఆ రోజుల్లోనే. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది, మళ్ళీ నిద్ర పట్టేది కాదు. అసైన్‌మెంట్‌లో ఒకే పేజీ ఎన్నిసార్లు చదివినా తలకెక్కేది కాదు. నాన్న తీసిన లోన్ దండగ, నేను దేనికీ పనికిరాను అన్న ఆలోచన రోజంతా వెంటే ఉండేది. ఖమ్మం నుంచి బంధువులతో అమ్మ గోంగూర పచ్చడి పంపితే దాని సీలు కూడా తీయలేదు. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తకుండా 'క్లాసులో ఉన్నా' అని మెసేజ్ పెట్టేవాణ్ణి.

దీన్ని పట్టుకున్నది మా సీనియర్ రూమ్మేట్. "తమ్ముడూ, ఇంటి మీద బెంగైతే ఇంటికి ఫోన్ చేస్తారు. నువ్వు వచ్చిన ఫోనే ఎత్తట్లేదు" అన్నాడు. మర్నాడు తనే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళాడు.

అక్కడ ముందు PHQ-9 అనే ఫారం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు, అన్నీ గత రెండు వారాల గురించే. పనుల మీద ఆసక్తి, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తన మీద తనకు చులకన, ఏకాగ్రత ఇలాంటివి. ఒక్కోదానికి 'అసలు లేదు' అయితే సున్నా, 'దాదాపు ప్రతిరోజూ' అయితే 3. మొత్తం 27కి నాకు 17 వచ్చింది. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ వివరంగా చూడాలి, 15 నుంచి 19 అంటే ఓ మోస్తరు కంటే తీవ్రం అన్నారు. ఆ అంకె ఒక్కటే చూసి డిప్రెషన్ అని తేల్చరు. కౌన్సెలర్ చాలాసేపు మాట్లాడింది, థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే ఉంటుందని రక్త పరీక్ష కూడా చేయించారు.

తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. మిగతా మార్కులు ఎంత తక్కువున్నా, దానికి సున్నా కాకుండా ఏది పెట్టినా అప్పుడే అడుగుతారు. నేను 'కొన్ని రోజులు' అని పెట్టాను. ఆవిడ కంగారు పడలేదు. ఎలా చనిపోవాలో ఆలోచించావా, దగ్గర ఏమైనా పెట్టుకున్నావా అని సూటిగా అడిగింది. లేదన్నాను. మళ్ళీ ఆ ఆలోచన వస్తే ఎవరిని లేపాలో కాగితం మీద రాయించింది. మొదటి పేరు రూమ్మేట్‌ది, కింద 988. చనిపోవాలన్న ఆలోచనలు వచ్చేవాళ్ళ కోసం ఉన్న హెల్ప్‌లైన్ అది, అమెరికాలో ఏ వేళలోనైనా ఆ నంబర్‌కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు.

నా అసలు టెన్షన్ వీసా గురించి. మనవాళ్ళు చాలామంది ఆగిపోయేది ఇక్కడే. కౌన్సెలింగ్‌కి వెళ్ళినంత మాత్రాన F-1 స్టూడెంట్ వీసా స్టేటస్‌కి ఏమీ కాదు. ప్రాణానికి ప్రమాదం ఉందనుకుంటే తప్ప మన అనుమతి లేకుండా డిపార్ట్‌మెంట్‌కీ ఇంటికీ చెప్పరు. ఇబ్బంది వచ్చేది, చదవలేక కోర్సును మనంతట మనమే డ్రాప్ చేసుకుంటే. ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో మన వీసా వ్యవహారాలు చూసే అధికారి, DSO, అనుమతి తీసుకోవాలి. ఆరోగ్య కారణంతో కోర్సు లోడ్ తగ్గించుకునే వీలుంది, ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలలకు మించకుండా. దానికి లైసెన్స్ ఉన్న డాక్టర్‌ దగ్గర్నుంచో సైకాలజిస్ట్‌ దగ్గర్నుంచో ఉత్తరం కావాలి. మా కౌన్సెలర్ సోషల్ వర్కర్ కాబట్టి ఆవిడ ఉత్తరం చెల్లదు. క్యాంపస్ హెల్త్ సెంటర్ డాక్టర్ రాసిచ్చారు. DSO ఒప్పుకున్నాకే ఒక కోర్సు వదిలాను.

ఆ డాక్టరే సెర్ట్రలీన్ అనే డిప్రెషన్ మాత్ర మొదలుపెట్టారు. పాతికేళ్ళలోపు వాళ్ళలో మొదటి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని, నన్ను తరచూ రప్పించి అడిగేవారు. తొలి రోజుల్లో కడుపులో తిప్పడం తప్ప ఏ తేడా తెలియలేదు. ముందు నిద్ర కుదిరింది. మనసు తేలికపడడానికి ఇంకా వారాలు పట్టింది. పచ్చడి సీలు తీసింది అప్పుడే.

నాన్నకి చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి మాట, "ఆ మాత్రలు అలవాటైపోతాయా నాన్నా?" అని. మత్తుమందులా అలవాటు కావు, కానీ ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు రావచ్చు, బాగున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, తర్వాత డాక్టరే మెల్లగా తగ్గిస్తారు అని చెప్పాను. ఆయన అన్నీ విని, "సరే, ఇంక రోజూ ఫోన్ ఎత్తు" అన్నారు.