ఒకే ఎంజైమ్, నాలుగు రూపాలు

సగం తెలుగులోను, సగం ఇంగ్లీషులోను ఎవరో రాసి అప్‌లోడ్ చేసిన జీవరసాయన నోట్సులో నిన్న ‘ఎంజైమ్’ అని వెతికితే మూడు చోట్లే కనిపించింది. పాఠమంతా దాని గురించే కదా అని అనుమానం వచ్చి చూస్తే, మిగతాచోట్ల ‘ఎంజైము’, ‘ఎంజైం’, enzyme అని ఉన్నాయి. చివరి అక్షరం పొల్లా, ఉకారమా, సున్నానా అన్నది మనకు పట్టింపు లేకపోయినా కంప్యూటరుకు అవి వేర్వేరు సంకేతాలు. అందుకే మారని ‘ఎంజై’ వరకే టైపు చేసి, enzyme కోసం విడిగా వెతికాను. అన్నీ దొరికాయి, ‘కోఎంజైమ్’తో సహా. అది ఎంజైముకు తోడుపడే, ప్రొటీన్ కాని వేరే అణువు కనుక, అన్నిటినీ ఒక్క మీటతో ఒకే రూపంలోకి మార్చకుండా ప్రతి వాక్యాన్నీ చదివి సరిచేయవలసి వచ్చింది.