మెట్ల లైటు, మూడుసార్లు 0.25

బెంగళూరు మారతహళ్లిలో మేం అద్దెకుంటున్న ఇంట్లో మెట్లకి ఒకటే బల్బు, రెండు స్విచ్‌లు. ఒకటి కింద గేటు దగ్గర, ఇంకోటి మా తలుపు పక్కన. రెండూ ఒకే వైపు ఉంటే బల్బు ఆరి ఉంటుంది, వేర్వేరుగా ఉంటే వెలుగుతుంది. న్యూరల్ నెట్‌వర్క్ సొంతంగా రాసి చూద్దామనుకున్నప్పుడు నేను తీసుకున్న డేటా ఇదే. మొత్తం నాలుగు వరుసలు: (0,0), (1,1) అయితే జవాబు 0, (0,1), (1,0) అయితే 1.

మొదటి ఆదివారం

యాక్టివేషన్ ఫంక్షన్, అంటే లేయర్ జవాబుని వంచే లెక్క, పెట్టకుండా, ఇన్‌పుట్లని గుణకాలతో గుణించి కూడే లీనియర్ లేయర్లు రెండు మాత్రమే పెట్టాను. లాస్‌గా, అంటే నెట్‌వర్క్ ఎంత తప్పుతోందో చెప్పే అంకెగా, తేడా వర్గాల సగటు తీసుకున్నాను. అది 0.25కి దిగి అక్కడే ఆగింది. నాలుగు వరుసలకీ జవాబు 0.5. లేయర్లు ఐదు చేశాను, వెడల్పు, అంటే ఒక్కో లేయర్‌లోని యూనిట్ల సంఖ్య, 64 చేశాను, అయినా అంతే. రూమ్‌లో ఉండే తమ్ముడు స్క్రీన్ చూసి, "అన్నా, మళ్లీ 0.25యేనా?" అన్నాడు.

కాగితం మీద వేస్తే కారణం దొరికింది. లీనియర్ లేయర్లు ఎన్ని పేర్చినా గుణకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, x1, x2 మన రెండు స్విచ్‌లైతే, చివరికి `a*x1 + b*x2 + c` మాత్రమే మిగులుతుంది. అందులో (0,0), (1,1) జవాబుల మొత్తం `a+b+2c`. (0,1), (1,0) జవాబుల మొత్తం కూడా అదే. మన బల్బుకి మాత్రం మొదటి మొత్తం 0, రెండోది 2. ఇక రాజీ పడగలిగేది అన్నిటికీ 0.5 దగ్గరే. తప్పు 0.5, దాని వర్గం 0.25.

రెండో ఆదివారం

మధ్యలో రెల్యూ అనే యాక్టివేషన్ ఫంక్షన్ పెట్టాను. రెల్యూ చేసేది ఒక్కటే: సున్నా కంటే తక్కువైతే సున్నా చేస్తుంది, లేకపోతే ఉన్నది ఉన్నట్టు పంపిస్తుంది. ట్రైనింగ్‌కి ముందు గుణకాలు చేత్తోనే వేసుకున్నాను.

```python
s  = x1 + x2
h1 = max(0, s)
h2 = max(0, s - 1)
y  = h1 - 2*h2
```

(0,1)కి h1 = 1, h2 = 0, జవాబు 1. (1,1)కి h1 = 2, h2 = 1, జవాబు 0. (0,0) దగ్గర h2 లోపల -1 వస్తుంది, రెల్యూ దాన్ని 0 చేస్తుంది, జవాబు 0. ఇప్పుడు ఆ రెండు `max`లూ తీసేసి లెక్కేయండి: s 0, 1, 2 అయితే జవాబులు 2, 1, 0. నాలుగు వరుసల్లో తేడా వచ్చింది (0,0) ఒక్కదాని దగ్గరే. ఆ ఒక్క -1ని 0 చేయడమే నాన్‌లీనియారిటీ ఇక్కడ చేసిన పని. గీత అక్కడ వంగింది. నాకు ఈ విషయం నిజంగా అర్థమైంది ఆ ఒక్క గడి దగ్గరే.

తర్వాత ఇదే ఆకారాన్ని ర్యాండమ్ గుణకాలతో ట్రైన్ చేశాను. కొన్ని సీడ్‌లకి, అంటే కొన్ని ర్యాండమ్ మొదలులకి, లాస్ సున్నాకి వెళ్లింది, కొన్నిటికి మళ్లీ అదే 0.25. ఈసారి కారణం వేరు. మధ్య లేయర్ విలువలు ప్రింట్ చేస్తే రెండు కాలమ్‌లూ నాలుగు వరుసల్లోనూ సున్నాలే. సున్నా వైపు రెల్యూకి వాలు కూడా సున్నా కాబట్టి, గుణకాన్ని ఎటు ఎంత కదపాలో చెప్పే గ్రేడియంట్ రాదు, గుణకాలు కదలవు. ఆ యూనిట్ చచ్చినట్టే. వెడల్పు 2 నుంచి 8కి పెంచితే అన్నీ ఒకేసారి చావడం చాలా అరుదు. లీకీ రెల్యూ పెట్టినా పర్వాలేదు, అది సున్నా కింద కూడా 0.01 వాలు ఉంచుతుంది.

నాలుగో ఆదివారం

లోతు పెంచితే ఏమవుతుందో చూద్దామని ఎనిమిది హిడెన్ లేయర్లు, అన్నిట్లో సిగ్మాయిడ్ అనే యాక్టివేషన్ ఫంక్షన్. మూడోసారి 0.25! సున్నాల కాలమ్‌లు లేవు, ఎందుకంటే సిగ్మాయిడ్ ఎప్పుడూ 0కీ 1కీ మధ్యే ఉంటుంది. అందుకే ఈసారి గ్రేడియంట్లు ప్రింట్ చేశాను.

```python
for n, p in net.named_parameters():
    print(n, p.grad.abs().mean())
```

చివరి లేయర్‌తో పోలిస్తే మొదటి లేయర్ గ్రేడియంట్ వేల రెట్లు చిన్నది. సిగ్మాయిడ్ వాలు ఎంత బాగున్నా 0.25 దాటదు. గ్రేడియంట్ చివరి లేయర్ నుంచి మొదటిదానికి వెనక్కి వస్తూ ఈ వాలుతో ఎనిమిదిసార్లు గుణిస్తే 65,536లో ఒక వంతు. మధ్యలో గుణకాలు కూడా గుణించబడతాయి కానీ మొదట్లో అవి చిన్నవే, నష్టాన్ని పూడ్చలేవు.

సిగ్మాయిడ్ తీసి ట్యాన్‌హెచ్ పెట్టాను. సున్నా దగ్గర దాని వాలు 1, విలువలు -1 నుంచి 1 వరకు రెండు వైపులా ఉంటాయి. మొదటి లేయర్ గ్రేడియంట్ కంటికి ఆనే స్థాయికి వచ్చింది, లాస్ దిగింది. దీనికీ హద్దుంది: లోపలికి 3 వెళ్తే వాలు 0.01కి పడిపోతుంది. అందుకే లోతైన నెట్‌వర్క్ మధ్యలో నేను మొదట పెట్టేది రెల్యూనే.

సిగ్మాయిడ్‌ని చివర్లో మాత్రం ఉంచాను. బల్బు వెలిగే అవకాశం ఎంత అనే ప్రశ్నకి 0కీ 1కీ మధ్య అంకె కావాలి కదా. దానికి తగ్గట్టు లాస్‌ని బైనరీ క్రాస్ ఎంట్రపీకి మార్చాను. ఇక అన్ని జవాబులూ 0.5 దగ్గర ఇరుక్కుంటే స్క్రీన్ మీద కనిపించేది 0.25 కాదు, 0.693. తమ్ముడికి ఆ అంకె కూడా చెప్పి ఉంచాను.