క్యాప్స్ లాక్ లైటు చెప్పే మాట

ల్యాప్‌టాప్ ఆన్ చేసినా స్క్రీన్ నల్లగానే ఉండి క్యాప్స్ లాక్ లైటు మిణుకుతుంటే, విప్పే ముందు ఆ మెరుపులు లెక్కపెట్టండి. ఫోన్‌లో వీడియో తీస్తే తప్పు లెక్కపెట్టే బెడద ఉండదు. విరామం తర్వాత అదే వరస మళ్లీ మొదలవుతుంది.

లెక్కకు అర్థం కంపెనీని బట్టి మారుతుంది. ఈమధ్య హెచ్‌పీ మోడళ్లలో 3 పొడవు, 2 పొట్టి మెరుపులంటే మెమరీ సిద్ధం కాలేదని. ఎక్కువసార్లు ర్యామ్ సరిగ్గా కూర్చోకపోవడమే కారణం.

చార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టుకోండి. రెండు పక్కల క్లిప్పులు బయటికి జరిపితే ర్యామ్ దానంతటదే ఏటవాలుగా లేస్తుంది. బంగారు రంగు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వండి. అదే వాలులో, ఆ అంచు దాదాపు కనబడకుండా పోయేదాకా లోపలికి నెట్టి, తర్వాతే కిందికి నొక్కండి. చాలామంది పూర్తిగా నెట్టకుండానే నొక్కేస్తారు, లైటు మళ్లీ అదే పాట.

రెండు ర్యామ్‌లుంటే ఒకసారికి ఒక్కటే, రెండు స్లాట్‌లలోనూ మార్చి మార్చి పెట్టి చూడండి. ఒక ర్యామ్ ఏ స్లాట్‌లోనూ పలక్కపోతే దాన్ని మార్చాలి. ఒక స్లాట్‌లో ఏదీ పలక్కపోతే లోపం బోర్డుది. బిగించాక మొదటిసారి ఒకటి రెండు నిమిషాలు నల్లగా ఉండొచ్చు, కంగారుపడి ఆపేయకండి.