జీప్యాట్ రెండో అటెంప్ట్: మార్ఫిన్ దగ్గర పోగొట్టుకున్న మార్కులు, పెద్దనాన్న మంచం పక్కన అర్థమైన మ్యూ రిసెప్టర్

మొన్న ఎం ఫార్మసీ ప్రవేశ పరీక్ష జీప్యాట్ రిజల్ట్ వచ్చింది, క్వాలిఫై అయ్యాను. ఇది నా రెండో అటెంప్ట్. స్క్రీన్ మీద ఆ మాట కనిపించగానే అమ్మకి ఫోన్ చేశాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం. అప్పటి నుంచి జూనియర్లు ఏ మెటీరియల్ చదివావు, రోజుకి ఎన్ని గంటలు చదివావు అని అడుగుతున్నారు. మెటీరియల్ మీ దగ్గర ఉన్నదే. అందుకే ఒక్క చాప్టర్ గురించే రాస్తాను. మొదటిసారి నేను ఎందుకు ఫెయిలయ్యానో, రెండోసారి ఏం మారిందో మార్ఫిన్ లాంటి మందుల గురించిన ఓపియాయిడ్స్ చాప్టర్ చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు.

మొదటి అటెంప్ట్‌కి నా నోట్సులో ఓపియాయిడ్స్ అంటే ఒక టేబుల్. మార్ఫిన్ అంటుకునే మ్యూ రిసెప్టర్ ఎదురుగా నొప్పి తగ్గడం, శ్వాస మందగించడం, కంటిపాప సూదిమొనలా అవడం, మలబద్ధకం అని వరసగా రాసుకున్నాను. ఫార్మకాగ్నసీ వైపు కూడా లోటు లేదు. పాపవర్ సోమ్నిఫెరమ్, పండని గసగసాల కాయకి గాట్లు పెడితే కారే పాలు ఎండితే నల్లమందు, అందులో సుమారు 10 శాతం మార్ఫిన్, దాన్ని 19వ శతాబ్దం మొదట్లో విడదీసింది జర్మనీకి చెందిన సెర్టుర్నర్. ఇవన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి.

ఒక మాక్ టెస్టులో రెండు వాక్యాలు ఇచ్చి, తప్పో ఒప్పో చెప్పమన్నారు. ఒకటి: మార్ఫిన్ పేగు కండరాన్ని వదులు చేస్తుంది కాబట్టి మలబద్ధకం వస్తుంది. రెండు: మార్ఫిన్ మెదడులోని పీఏజీ అనే భాగం నుంచి కిందికి దిగే దారిని నేరుగా ఉత్తేజపరిచి నొప్పి తగ్గిస్తుంది. రెండూ ఒప్పు అని పెట్టాను. రెండూ తప్పే. పక్కన ఎర్ర ఇంకుతో సరైన జవాబు రాసుకుని పేజీ తిప్పేశాను. ఎందుకు తప్పో ఆలోచించలేదు. అసలు పరీక్షలో కూడా ‘కారణం ఏమిటి’ అన్న ప్రశ్నలన్నిటికీ ఊహించే పెట్టాను. ఒప్పుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి ఉన్న పరీక్షలో ఆ ఊహలు నన్ను ముంచేశాయి.

ఆ రిజల్ట్ వచ్చిన రెండు నెలలకి మా పెద్దనాన్నకి ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందని తెలిసింది. రాత్రిళ్లు నడుము నొప్పితో మంచం కోడు పట్టుకుని కూర్చునేవాడు. డాక్టర్ గారు మార్ఫిన్ మాత్రలు రాశారు. నాలుగు గంటలకోసారి 10 మిల్లీగ్రాములు, మధ్యరాత్రి లేపకుండా ఉండేందుకు పడుకునే ముందు 20. దాంతోపాటు మలబద్ధకం రాకుండా రాత్రికి బిసకోడిల్ కూడా రాశారు.

మూడో రోజు పెద్దనాన్న, "నొప్పి పోలేదురా, కానీ పక్కింట్లో ఉన్నట్టుంది" అన్నాడు. ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పదు. మార్ఫిన్ వెన్నుపాములో నొప్పి కబురుని తగ్గించడమే కాదు, మెదడులో ఆ కబురు పెట్టే బాధని కూడా తగ్గిస్తుంది.

బిసకోడిల్ మాత్రం మేం వెయ్యలేదు. "మోషన్ బాగానే అవుతోంది కదా, ఈ మాత్ర ఎందుకు?" అని పెద్దమ్మ అడిగింది. బీ ఫార్మసీ చదివినవాణ్ణి నేనే కాబట్టి అందరూ నా వైపు చూశారు. అవసరమైతే ఇసబ్‌గోల్ వేద్దాం, అది సహజమైనది అన్నాను. నాలుగో రోజు మోషన్ ఆగింది, ఇసబ్‌గోల్ మొదలుపెట్టాం. ఆరో రోజుకి పొట్ట ఉబ్బింది, అన్నం చూస్తే వికారం. ఎనిమిదో రోజు పొద్దున్న పంచె తడిసింది. కొంచెం కొంచెంగా నీళ్లలాగా. పెద్దమ్మ "విరేచనాలు పట్టుకున్నాయి" అంది. నేను మెడికల్ షాపుకెళ్లి లోపెరమైడ్ తెచ్చాను.

వేసే ముందు ఎందుకో ఆసుపత్రిలో పెయిన్ క్లినిక్ సిస్టర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ ఒకే ప్రశ్న అడిగింది. "ఈ నీళ్ల విరేచనానికి ముందు గట్టి మోషన్ ఎప్పుడైంది బాబూ?" నాలుగు రోజులైందన్నాను. "ఆ మాత్ర వెయ్యొద్దు, వెంటనే తీసుకురండి" అంది. అక్కడ డాక్టర్ గారు వేలితో పరీక్ష చేస్తే లోపల రాయిలాంటి మలం అడ్డంగా ఉంది. పైన ఉన్న పల్చటి ద్రవం దాని పక్కల నుంచి కారుతోంది. అది విరేచనం కాదు, మలబద్ధకమే. ఎనిమా ఇచ్చారు, ఆ సాయంత్రానికి పెద్దనాన్న ముఖం తేటపడింది.

ఇంటికొచ్చాక లోపెరమైడ్ అట్ట చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అది కూడా మ్యూ రిసెప్టర్ మీద పనిచేసే మందే. మెదడులోకి చేరకుండా పీ గ్లైకోప్రోటీన్ అనే పంపు దాన్ని బయటికి తోసేస్తుంది కాబట్టి మామూలు మోతాదులో పేగుకే పరిమితం. అంటే మార్ఫిన్ బిగించిన పేగుని నేను ఇంకోసారి బిగించబోయాను. ఆ రాత్రి టేబుల్ పక్కన పడేసి మొదటి నుంచి చదివాను.

ముందు కణం దగ్గర మొదలుపెట్టండి. మ్యూ అనేది జీఐ ప్రోటీన్‌తో పనిచేసే రిసెప్టర్. మార్ఫిన్ అంటుకోగానే సైక్లిక్ ఏఎంపీ తగ్గుతుంది. నరం చివర కాల్షియం చానళ్లు మూసుకుంటాయి, కాల్షియం రాకపోతే సంచుల్లోని రసాయనం బయటికి రాదు. నరకణం ఒంటి మీద పొటాషియం చానళ్లు తెరుచుకుంటాయి, పొటాషియం బయటికి పోయి ఆ కణం అంత సులువుగా ఉత్తేజపడదు. మొత్తానికి జరిగేది ఒకటే. మ్యూ ఎక్కడుంటే ఆ నరం నోరు నొక్కుకుపోతుంది. అందరూ ఇక్కడిదాకా చదువుతారు, నేనూ చదివాను. నేను వేసుకోని ప్రశ్న ఒకటుంది: ఆ నరం అంతకుముందు ఏం పని చేస్తోంది?

వెన్నుపాము వెనక కొమ్ములో ఆ నరం నొప్పి మోసుకొచ్చే సీ ఫైబర్. దాని నోరు నొక్కితే గ్లూటమేట్, సబ్‌స్టెన్స్ పీ విడుదల తగ్గుతాయి. అందుకోవాల్సిన రెండో నరకణం కూడా పొటాషియం పోగొట్టుకుని మందంగా ఉంటుంది. కబురు అక్కడే సన్నబడుతుంది. ఇది సులువు.

పీఏజీలో కథ తిరగబడుతుంది. అక్కడి నుంచి కిందికి దిగి వెన్నుపాములో నొప్పిని అణిచే దారి ఒకటుంది. మామూలుగా దాని మీద గాబా నరాలు బ్రేకు వేసి ఉంచుతాయి. మార్ఫిన్ నోరు నొక్కేది ఆ గాబా నరాలకి. బ్రేకు తీసేస్తే బండి కదిలినట్టు కింది దారి తెరుచుకుంటుంది. మార్ఫిన్ దేన్నీ నేరుగా ఉత్తేజపరచలేదు, ఆపేదాన్ని ఆపింది. మాక్‌లో నా రెండో తప్పు ఇదే.

పేగులో ఈ రెండూ ఒకేచోట జరుగుతాయి. పేగు గోడలో రెండు కండర పొరల మధ్య మయెంటెరిక్ ప్లెక్సస్ ఉంది. అందులో కొన్ని నరాలు ఎసిటైల్‌కోలిన్ వదిలి కండరాన్ని బిగిస్తాయి, కొన్ని నైట్రిక్ ఆక్సైడ్, వీఐపీ వదిలి వదులు చేస్తాయి. ముద్ద ముందుకు కదలాలంటే వెనక బిగవాలి, ముందు వదులవాలి. మార్ఫిన్ రెండు రకాల నరాల నోరూ నొక్కుతుంది. ఎసిటైల్‌కోలిన్ తగ్గి నెట్టే అల పోతుంది. వదులు చేసే నరాలు ఆగిపోయాయి కాబట్టి గుండ్రటి కండరం బిగుసుకునే ఉంటుంది, నెట్టకుండా ఉన్నచోటే పిసుకుతూ ఉంటుంది. స్ఫింక్టర్లు బిగుస్తాయి. స్రావాలు తగ్గుతాయి, కదలని మలం నుంచి పేగు నీళ్లు పీల్చుకుంటూనే ఉంటుంది. కాబట్టి పేగు వదులై ఆగిపోలేదు, బిగుసుకుని ఆగిపోయింది. నా మొదటి తప్పు ఇది.

ఇది నరం మీద పనే అనడానికి రుజువు గినీపిగ్ ఇలియం ప్రయోగం. 1957లో పాటన్ దానికి కరెంటు ఇచ్చి, మార్ఫిన్ పడితే బయటికొచ్చే ఎసిటైల్‌కోలిన్ తగ్గుతుందని చూపించాడు. అదే ఆర్గాన్ బాత్‌లో మనమే ఎసిటైల్‌కోలిన్ వేస్తే కండరం ముడుచుకుంటుంది. కండరం బాగానే ఉంది, దానికి కబురే రావట్లేదు.

ఇప్పుడు పెద్దనాన్న కేసు మళ్లీ చూడండి. ఇసబ్‌గోల్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుని నెట్టాల్సింది పేగే. నెట్టే అల లేని పేగులో అది ఇంకో ముద్దై కూర్చుంది. బిసకోడిల్ పెద్దపేగు గోడని నేరుగా రేపి కదిలిస్తుంది, స్రావం కూడా పెంచుతుంది, అందుకే డాక్టర్ గారు దాన్ని మొదటి రోజు నుంచే రాశారు. వికారం, మత్తు కొన్ని రోజులకి అలవాటై తగ్గుతాయి. మలబద్ధకానికి, సన్నబడ్డ కంటిపాపకి టాలరెన్స్ దాదాపు రాదు. అందుకే మార్ఫిన్ వాడినన్నాళ్లూ ఆ మాత్ర ఉండాలి. అదీ చాలకపోతే మిథైల్‌నాల్ట్రెక్సోన్ ఉంది. అందులో నైట్రోజన్ మీద శాశ్వతమైన ఛార్జ్ ఉంటుంది కాబట్టి మెదడులోకి పోలేదు. పేగులో మ్యూని విడిపిస్తుంది, నొప్పి తగ్గింపు అలాగే ఉంటుంది. కెమిస్ట్రీ వాళ్లు క్వాటర్నరీ అమైన్ అని ఎందుకు నొక్కి చెప్తారో నాకు అప్పుడు తెలిసింది.

మిగతా సిలబస్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఫార్మాస్యూటిక్స్ లెక్కలు రోజుకి పది చేశాను. అనలిసిస్ పాత ప్రశ్నలతోనే గట్టెక్కింది. కొందరు నేను నాలుగు రోజులు ఓపియాయిడ్స్ మీదే కూర్చున్నానని, అంత టైమ్ వేస్ట్ అని అన్నారు. నేను అలా అనుకోవట్లేదు. ఆ నాలుగు రోజుల తర్వాత ఏ మందు చదివినా, ఈ రిసెప్టర్ ఏ నరం మీద ఉంది, ఆ నరం ఏం పని చేస్తోంది అని రెండు ప్రశ్నలు వేసుకోనిదే పేజీ తిప్పలేదు. ఫోన్ పక్క గదిలో పెట్టి, ఎర్ర ఇంకుతో రాసిన ప్రతి జవాబు కింద ‘ఎందుకు’ అని రాసి, అది పూరించాకే నిద్రపోయాను. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పదిహేను గంటలు చదివామని స్టేటస్ పెట్టే బదులు ఈ పని చెయ్యండి. కష్టంగా ఉంటుంది, కానీ చెయ్యాల్సిందే.

పిత్తాశయంలో రాయి వల్ల వచ్చిన నొప్పికి మార్ఫిన్ ఒక్కటే ఇస్తే నొప్పి ఎందుకు పెరగవచ్చు అని ఒక ప్రశ్న తరచూ చూస్తారు. ఓడి స్ఫింక్టర్ కూడా పేగు కండరంలాగే బిగుస్తుంది, దాని వెనక నాళంలో పైత్యరసం ఒత్తిడి పెరుగుతుంది. ఈ జవాబు నా పాత టేబుల్‌లో ఎక్కడా లేదు. ఈసారి మాక్‌లో అది వచ్చినప్పుడు పెద్దనాన్న ఉబ్బిన పొట్ట గుర్తొచ్చింది, ఆప్షన్లు చూడకముందే జవాబు చెప్పగలిగాను.