పెసర గింజ మీద తెల్లచుక్క

చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని చేటలో పప్పు ఏరినదాన్ని, ఇదేం పని అనుకున్నాను. గింజల నాణ్యతను ఫోటో చూసి చెప్పే ప్రోగ్రామ్ తయారుచేస్తున్న చిన్న సంస్థ ఒకటి నాకు 1,400 ఫోటోలు అప్పగించింది. ఒక్కో ఫోటోలో, ఎక్కువగా నీలం అట్ట మీద, పరిచిన వంద పెసర గింజలు. ఒక్కో గింజ మీద నొక్కి పుచ్చు, బూజు, తడి, మంచిది అనే నాలుగు గుర్తుల్లో ఒకటి పెట్టాలి. రోజుకు ముప్పై ఫోటోలు అవలీలగా పూర్తిచేస్తానని చెప్పి వచ్చాను.

మొదటి వారం చేసిన పనిని సరిచూడడానికి ఒక పెద్దాయనను పెట్టారు. గిడ్డంగుల్లో నమూనాలు పరీక్షించి రిటైరైన మనిషి. నేను గుర్తులు పెట్టిన ఒక ఫోటో తెరిచి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, తెరకు జానెడు దూరంలో మొహం పెట్టి చూశారు. అందులో 34 గింజల మీద తెల్లచుక్క కనిపించింది, పురుగు గుడ్డేనని అన్నిటికీ పుచ్చు అని పెట్టాను.

"అమ్మా, ఇందులో సగం గింజలకు నువ్వు కన్నును పట్టుకుని గుడ్డు అన్నావు," అన్నారు.

పెసర గింజకు కాయలో అతుక్కుని ఉండే చోట తెల్లటి కన్ను ఉంటుంది. సన్నగా, కోలగా, గింజ అంచున ఒకే చోట. గుడ్డు అలా కాదు. తల్లి పురుగు దాన్ని గింజ మీద ఎక్కడైనా అతికిస్తుంది. అరమిల్లీమీటరుకు కాస్త ఎక్కువ పొడవు, కింద చదును, పైన చిన్న బొడిపెలా ఉబ్బు. పక్కనుంచి వెలుతురు పడితే ఆ ఉబ్బుకు నీడ కూడా ఉంటుంది. కంటికి నీడ ఉండదు. ఈ ఒక్క సంగతి తెలిశాక ఆ 34లో 19 గింజలు కొట్టుకుపోయాయి.

మరో ఆరింటిని ఫ్లాష్ మోసగించింది. నున్నగా మెరిసే రకం పెసలు అవి. ప్రతి గింజకూ ఎడమ భుజాన ఒకే చోట తెల్లటి మెరుపు. కన్ను కనబడని గింజల మీద ఆ మెరుపునే నేను గుడ్డు అనుకున్నాను. ఫోటోలో చుక్కలన్నీ ఒకే వైపు వరుసగా ఉంటే అది వెలుతురే. పురుగు అంత క్రమశిక్షణగా గుడ్లు పెట్టదు. మిగిలినవి 9 గింజలు, ఇవి నిజమైన గుడ్లు.

అక్కడితో అయిపోలేదు. నేను ఎప్పుడూ తప్పుగా అర్థం చేసుకున్న విషయం ఒకటి ఆ రోజే తెలిసింది. రంధ్రం అంటే పురుగు లోపలికి దూరిన దారి అనుకునేదాన్ని. పప్పుధాన్యాల్లో అది పురుగు బయటికి వెళ్లిపోయిన దారి. గుడ్డు నుంచి పుట్టిన పిల్ల పురుగు, గుడ్డు కిందనే గింజను తొలుచుకుని లోపలికి పోతుంది. ఆ దారి పైనున్న గుడ్డు పెంకు కింద దాగి ఉంటుంది, ఫోటోలో కనిపించదు. లోపలే తిని, పెరిగి, రెక్కల పురుగై గుండ్రటి కన్నంతో బయటపడుతుంది. బియ్యం, గోధుమల్లో ముక్కు పురుగు చేసే రంధ్రం ఎగుడుదిగుడుగా ఉంటే, పెసర, కంది, శనగల్లో ఇది కంపాసుతో గీసినట్టు ఉంటుంది. అంటే రంధ్రాలు లెక్కపెట్టేవాడు వెళ్లిపోయిన పురుగుల్ని లెక్కపెడుతున్నాడు. ఇంకా లోపల ఉన్నవాటి సంగతి?

దానికీ ఆనవాళ్లు ఉన్నాయి. కొత్తగా పెట్టిన గుడ్డు గాజులా పారదర్శకంగా ఉంటుంది. పిల్ల పురుగు గింజలోకి తొలిచేటప్పుడు రాలిన పొడి పెంకులో నిండి గుడ్డు పాలలా తెల్లబడుతుంది. బాగా తెల్లగా కనిపించే గుడ్డు పిల్ల వదిలిపోయిన పెంకు అన్నమాట, పురుగు గింజ లోపల ఉంది. ఇక బయటపడే ముందు అది పైతొక్కను మాత్రం వదిలి కింద గుల్ల చేస్తుంది. అప్పుడు తొక్క మీద గుండ్రటి ముదురు మచ్చ కనిపిస్తుంది. పెద్దాయన దాన్ని కిటికీ అనేవారు.

ఆ నమూనా గింజలు ఫోటో తీసిన రోజే ఫ్రీజరులో పెట్టి ఉన్నాయి కాబట్టి చూద్దామన్నారు. గుడ్లున్న 9 గింజల్నీ రెండు గంటలు నానబెట్టి బ్లేడుతో చీల్చాం. పారదర్శక గుడ్లున్న రెండింటిలో ఏమీ లేదు. తెల్ల గుడ్లున్న ఏడింటిలో ఆరింట్లో పురుగు ఉంది, మూడింటికి కిటికీ కూడా ఉంది. నేను ఫోటోలో కిటికీ ఒక్కటీ చూడలేదు. వంద గింజల్లో రంధ్రాలున్నవి నాలుగే, పుచ్చినవి మాత్రం పది. ఆ తర్వాత మా జాబితాలో 'పుచ్చు' ఒక్కటే ఉండడం మానేసి 'రంధ్రం', 'కిటికీ', 'గుడ్డు' అని మూడు చేయించాం. సంస్థవాళ్లు మొదట గొణిగారు, పని మూడింతలు అవుతుందని. నిజమే, అయింది.

బూజు ఇంతకంటే సులువని ఎవరైనా అంటే నమ్మకండి. పురుగులు తిన్న గింజల నుంచి పిండిలాంటి పొడి రాలి పక్క గింజల మీద పడుతుంది. ఫోటోలో అదీ తెల్లగా మసకగా ఉంటుంది. పొడి అయితే గింజలు తగిలే చోట్ల, పైవైపున, ఎక్కడంటే అక్కడ పడుతుంది. బూజు ముందుగా కంటి దగ్గరా తొక్క పగిలిన చోటా పట్టుకుని నూలుపోగుల్లా చుట్టూ పాకుతుంది. తెరమీద ఎంత పెద్దది చేసి చూసినా తేలకపోతే ఒకటే మార్గం. గింజల్ని జల్లెడలో కాసేపు ఆడించి మళ్లీ ఫోటో తీయమనేదాన్ని. పొడి పోతుంది, బూజు ఉండిపోతుంది. మొదట్లో తెల్ల కాగితం మీద తీసిన ఫోటోలు కొన్ని ఉన్నాయి. వాటిలో తెల్లబూజు కాగితంలో కలిసిపోయింది. వాటిని పక్కన పెట్టేశాను, పనికిరావు.

'తడి' దగ్గర నేను మొండికేశాను. ఫోటోలో తేమ కనిపించదు. పప్పుధాన్యాల కొనుగోలులో తేమ 12 శాతం దాటకూడదంటారు. 11 శాతం గింజకూ 14 శాతం గింజకూ ఫోటోలో తేడా చెప్పగలిగే కన్ను నాకు తెలిసి లేదు. కనిపించేది ఎప్పుడో తడిసి ఆరిన మచ్చ మాత్రమే. తెలంగాణలో వానాకాలపు పెసలు ఆగస్టు, సెప్టెంబరుల్లో కోతకు వస్తాయి. ఆ వానకు చేలో తడిసిన గింజ తొక్క ముడతలు పడి, పచ్చదనం పోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. కొన్నింటికి తొక్క చీలి మొలక కొన తెల్లగా బయటికి వస్తుంది. అలాంటి గింజ ఫోటో నాటికి ఎండి 10 శాతంలో ఉండవచ్చు. నిన్న తడిసిన గింజ నిగనిగలాడుతూ మంచిదిలా ఉండవచ్చు. కాబట్టి ఆ గుర్తు పేరు 'తడిసి ఆరినది' అని మార్పించి, అసలు తేమను మీటరుతో కొలిచి ఫోటో పక్కనే రాయాలని పట్టుబట్టాను.

పని ముగిసేసరికి 'తేలనివి' అనే ఫోల్డరులో 61 ఫోటోలు మిగిలాయి. ఎక్కువ భాగం పాత గింజలవి. ఏళ్ల తరబడి నిలవున్న పెసర కూడా గోధుమ రంగుకే తిరుగుతుంది. అందులో ముడత లేని గింజ తడిసిందా, ముసలిదైందా అని పెద్దాయనా నేనూ చాలాసేపు వాదించుకున్నాం. ఆయన 'ముసలిది' అన్నారు, నేను 'తడిసింది' అన్నాను. ఆ నమూనా కవరు మాత్రం ఎక్కడో పోయింది, చీల్చి చూసే అవకాశం లేదు. ఆ ఫోల్డరును అలాగే ఇచ్చేశాం.