లక్షా ఇరవై ఆరు వేల తేడా (నా అనుభవం)

గుంటూరులో ఒక పురుగుమందుల డిస్ట్రిబ్యూటరుకి చేసిన పని తాలూకు మిగతా డబ్బు నిన్ననే చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఇలాంటి ఎక్సెల్ పనులు ఒప్పుకునేవాళ్ళకి పనికొస్తుంది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు నెలకో షీటు చొప్పున అమ్మకాలు, వసూళ్ళు ఉన్నాయి. వాటిని ఒకచోటికి చేర్చి, ఏ డీలరు ఎంత బాకీ, అది ఎన్నాళ్ళుగా ఉంది, 30, 60, 90 రోజులు దాటినవి ఏవి అని ఒక రిపోర్టు ఇవ్వాలి. ఓనరు గారు ఫోన్లో "రెండు గంటల పనేగా బాబూ" అన్నారు. ఆ మాట ఎవరన్నా అంటే రేటు చెప్పకండి, ముందు ఫైళ్ళు అడగండి. వాళ్ళు ఏరి పంపే శాంపిల్ షీటు కాదు, రోజూ వాడుతున్న అసలు ఫైళ్ళు.

రేటు చెప్పేముందు నేను మూడే చూస్తాను. పార్టీ పేర్ల కాలమ్‌లో ఒకే డీలరు ఎన్ని స్పెల్లింగులతో ఉన్నాడు, తేదీల్లో కొన్ని సెల్‌లో ఎడమకి, కొన్ని కుడికి అంటుకుని ఉన్నాయా, ఎమౌంట్ కాలమ్‌లో అంకెలన్నీ నిజంగా అంకెలేనా. మూడోది ఒక్క ఫార్ములాతో తేలిపోతుంది:

```
=COUNTA(E2:E913)-COUNT(E2:E913)
```

మొదటిది నిండిన సెల్స్ అన్నిటినీ లెక్కపెడుతుంది, రెండోది అంకెలున్న వాటినే. సున్నా వస్తే హాయి. వీళ్ళ జూలై షీటులో 5 వచ్చింది. ఈ అయిదూ గుర్తుపెట్టుకోండి.

18,000 చెప్పాను, సగం అడ్వాన్సు. "మా బావమరిది కొడుకు బీటెక్, ఫ్రీగా చేస్తాడు" అన్నారు. చేయించుకోండి అన్నాను. వారం తిరక్కుండా వాళ్ళే ఫోన్ చేశారు. కొటేషన్‌లో ఏయే షీట్లో పేరుపేరునా రాశాను, రిపోర్టులో మార్పులు రెండుసార్లే అన్నాను, వాళ్ళ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ జోలికి రానన్నాను. చివర్లో ఒక వాక్యం చేర్చాను: శుభ్రం చేయకముందు మొత్తం ఎంత, చేశాక ఎంత, మధ్యలో మారిన ప్రతి రూపాయీ ఏ బిల్లుదో వేరే షీటులో చూపిస్తాను. ఈ వాక్యం లేకపోతే ఇవాళ నా పరువు గుంటూరు పట్నం బజార్లో వేలంలో ఉండేది.

పేర్ల పని విసుగే కానీ కష్టం కాదు. ఒకటే జాగ్రత్త. స్పెల్లింగు దగ్గరగా ఉంది కదా అని కలిపేయకూడదు. వెంకటేశ్వరస్వామి పేరు మీద మనకి ఊరికో ట్రేడర్స్ ఉంటుంది. నరసరావుపేటదీ సత్తెనపల్లిదీ కలిపేస్తే ఒకరి బాకీ ఇంకొకరి నెత్తికెక్కుతుంది. జీఎస్టీ నంబరు ఉంటే దాన్నిబట్టి, లేకపోతే ఫోన్ నంబరుని బట్టి జతలు వేసి, పక్కన "కలపాలా వద్దా" అని ఖాళీ కాలమ్ పెట్టి వాళ్ళచేతే నింపించాను.

తేదీల దగ్గర మాత్రం కాసేపు కూర్చోవాల్సొచ్చింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి తీసిన ఫైలుని, నెల ముందు, రోజు తర్వాత చదివే అమెరికా పద్ధతి సెట్టింగున్న ల్యాప్‌టాప్‌లో ఎవరో తెరిచి సేవ్ చేశారు. దాంతో జూలై 3 నాటి 03/07/2024 కాస్తా మార్చి 7 అయి కూర్చుంది. జూలై 25ది 25/07/2024 అని ఉంటే, 25వ నెల లేదు కాబట్టి అది తేదీ అవక ఉత్త అక్షరాలుగా మిగిలిపోయింది. ఇది పట్టుకోవడం తేలిక. తేదీగా మారినవన్నీ కుడికి ఉంటాయి, వాటిలో 12 దాటిన రోజు ఒక్కటీ ఉండదు. బిల్లు నంబర్లు వరసగా పెరుగుతుంటే తేదీలు కప్పగంతులేస్తాయి. సరిచేయడానికి ఈ ఫార్ములా వేశాను:

```
=IF(ISNUMBER(A2),DATE(YEAR(A2),DAY(A2),MONTH(A2)),DATE(RIGHT(TRIM(A2),4),MID(TRIM(A2),4,2),LEFT(TRIM(A2),2)))
```

చేత్తో కొట్టిన షీట్ల మీద దీన్ని రుద్దకండి, సరిగ్గా ఉన్నవి కూడా తిరగబడతాయి. వేశాక మళ్ళీ బిల్లు నంబర్ల వరసతో సరిచూసుకోవాలి. ఆ పాత తేదీల్ని నమ్మి వీళ్ళు ఒక డీలరుని "నాలుగు నెలలు ఎక్కువ ఆపావు" అని కసిరారట. పాపం ఆయన తీసుకెళ్ళింది జూలైలో.

ఇక అసలు రోజు. ఆఫీసులో ఓనరు గారు, ఇద్దరు సేల్స్ కుర్రాళ్ళు, వాళ్ళ అకౌంటెంటు పెద్దాయన. రిపోర్టు తెరిచాను. మొత్తం బాకీ 43,12,450. పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి, తన కాగితం తీసి, "నా లెక్కలో 41,86,300. ఏం బాబూ, లక్షా ఇరవై ఆరు వేలు ఎక్కడినుంచి పుట్టించావు?" అన్నాడు. కుర్రాళ్ళు నవ్వారు. నేను నోరు తెరిచేలోపే, "ఈ షీట్లు ఎన్నేళ్ళుగా చూస్తున్నా నేను. కంప్యూటరు వేసిన టోటల్ తప్పవుద్దా?" అన్నాడు. ఓనరు గారు నావైపు తిరిగి, "శుభ్రం చెయ్యమంటే బాకీలు పెంచుతావేంటయ్యా, అడ్వాన్సు వెనక్కిచ్చి వెళ్ళు" అన్నారు. ఇవన్నీ నాకు కుర్చీ కూడా చూపించకుండా, నిలబెట్టే.

తేడాల షీటు ముందురోజే మెయిల్లో పంపాను. ఎవరూ తెరవలేదు. అక్కడే తెరిచాను. జూలై షీటులో అయిదు బిల్లులు: 48,500, 22,650, 31,000, 15,200, 8,800. కలిపితే సరిగ్గా 1,26,150. పైసా అటూ ఇటూ లేదు. ఆ అయిదూ పెద్దాయన `48,500/-` అని, చెక్కు మీద రాసినట్టు, గీత పెట్టి కొట్టినవి. గీత పడగానే ఎక్సెల్‌కి అది అంకె కాదు, అక్షరం. `SUM` అక్షరాల్ని చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. అదే `=E2+E3` అని ఉంటే `#VALUE!` అని అరిచేది, ఏనాడో దొరికేది.

నమ్మలేదు. "బిల్లు పుస్తకం తెప్పించండి" అన్నాను. అయిదు కార్బన్ కాపీలూ ఉన్నాయి, అయిదింటి మీదా డీలరు సంతకాలూ ఉన్నాయి, వసూళ్ళ షీట్లలో మాత్రం ఒక్కదానికీ పైసా పడలేదు. అడగాల్సిన బాకీల లిస్టు పెద్దాయన టోటల్ మీదే తయారవుతోంది కాబట్టి, ఆ డబ్బు ఎవరూ అడగనే లేదు. గదిలో నవ్వులు ఆగాయి. ఓనరు గారు "కూర్చో బాబూ, టీ చెప్పరా" అన్నారు. నా ఫీజుకి ఏడు రెట్లు డబ్బు నేను చూపించాను, చెప్పుకుంటే తప్పేంటి! క్షమాపణ మాత్రం ఎవరి నోటినుంచీ రాలేదు. పెద్దాయన అయితే "ఎక్సెల్‌లో లోపం" అని తేల్చేశాడు.

మీకు చెప్పేదేంటంటే, ముందు మొత్తం మొహాన కొట్టకండి. తేడాల షీటు అకౌంటెంటుతో విడిగా కూర్చుని చూపించాకే ఓనరుకి చూపించండి. ఇలాంటి ఆఫీసుల్లో లెక్క సరిగా ఉంటే చాలదు, లెక్క రాసినాయన పరువు కూడా చూసుకోవాలి. నాకు అది ఒళ్ళు మండే విషయమే అయినా, డబ్బు రావాలంటే తప్పదు. ఎమౌంట్ కాలమ్‌కి డేటా వాలిడేషన్ పెట్టి, అంకె తప్ప ఇంకేం కొట్టినా తీసుకోకుండా చేసిచ్చాను.

మిగతా 9,000 కోసం "రేపు, ఎల్లుండి" అని తిప్పించుకుని ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఓనరు గారు "నెలనెలా ఇదే రిపోర్టు పంపించెయ్, ఎలాగూ ఫార్ములాలు ఉన్నాయిగా" అన్నారు. దానికి వేరే కొటేషన్ పంపాను. ఇంకా జవాబు లేదు.