తేదీ లేని పేజీ, ఏజెంటు వెటకారం

మా చెల్లి పాస్‌పోర్ట్ పని నిన్ననే అయింది. ఆ ఏజెంటు మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

ఫారం, ఫీజు, స్లాటు అన్నీ ఇట్టే అయిపోయాయి. చిక్కంతా పుట్టినతేదీ రుజువు దగ్గరే. తను 1994లో ఇంట్లోనే పుట్టింది, బర్త్ సర్టిఫికెట్ లేదు. ఆఫీసు ఎదురుగా కూర్చునే ఏజెంటు ఫోన్లో ఓ వెబ్ పేజీ తీసి, "26-01-1989 నుంచి పుట్టినవాళ్లకి బర్త్ సర్టిఫికెట్ తప్పనిసరి, చదువుకున్నవారే కదా సార్, చదవండి" అన్నాడు. లేటు రిజిస్ట్రేషన్ తనే చేయిస్తాడట, దానికో రేటు. ఈ పేజీ ఎప్పటిదయ్యా అంటే అడుగున © 2025 చూపించి, పక్కనున్నవాళ్లంతా వినేలా నవ్వాడు. ఆ సంవత్సరం చాలా సైట్లలో జనవరి 1 రాగానే దానంతటదే మారిపోతుందని అతనికి చెప్పి లాభం లేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో పేజీ తెరిచి, F12 నొక్కి కన్సోల్‌లో ఇది కొట్టాను:

```
document.lastModified
```

ఇవాళ్టి తేదీ, ఇప్పటి టైము! పేజీ రీఫ్రెష్ చేస్తే టైము కూడా ముందుకి జరిగింది. అప్పుడు విషయం అర్థమైంది. పేజీని చివరిసారి ఎప్పుడు మార్చారో సర్వరు చెప్పకపోతే బ్రౌజరు ఊరికే ఇప్పటి టైమే ఇచ్చేస్తుంది. అలా కదులుతూ ఉంటే ఆ జవాబు దేనికీ పనికిరాదు.

Ctrl+U కొట్టి సోర్సులో, పేజీ ప్రచురించిన తేదీ చెప్పే datePublished వెతికితే అదీ లేదు. కానీ పేజీలోని ఫొటో అడ్రసులో /wp-content/uploads/2015/03/ అని ఉంది. వర్డ్‌ప్రెస్ సైట్లు ఫొటోలను మామూలుగా ఏడాది, నెల ఫోల్డర్లలో పెడతాయి. అయితే పాత ఫొటోని కొత్త పేజీలోనూ వాడొచ్చు కాబట్టి ఇదొక్కటే చాలదు. వెబ్ పేజీల పాత కాపీలు దాచే web.archive.org లో ఆ పేజీ అడ్రసు పెడితే 2015 జూన్‌లోనే దాచిన కాపీ దొరికింది. తెరిచి చూస్తే 1989 వాక్యం అక్షరం పొల్లుపోకుండా అదే. అంటే ఈ పేజీ జూన్ 2015 తర్వాత రాసింది కాదు.

ఇక మిగిలింది నిబంధన. ఆ 1989 షరతును విదేశాంగ శాఖ 2016 డిసెంబర్‌లోనే ఎత్తేసింది. పదో తరగతి సర్టిఫికెట్, పాన్, ఆధార్ లాంటివీ రుజువుగా చెల్లుతాయంది. 2025లో మళ్లీ మారిందిగానీ, బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుందన్నది 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకే. ఇంట్లో చంటిపిల్లలుంటే అది చూసుకోండి.

కౌంటర్లో మా చెల్లి పదో తరగతి సర్టిఫికెట్ ఇస్తే మారుమాట లేకుండా తీసుకున్నారు. బయటికొస్తుంటే ఏజెంటు అదే పేజీ ఇంకొకాయనకి చూపిస్తున్నాడు. ఆయన్ని పక్కకి పిలిచి విషయం చెప్పేశాను.